పిన్ కామెంట్ చేసే పని, చేయని పని

ఏప్రిల్ వచ్చి మార్కెట్లో కొత్త మామిడికాయలు దిగాయంటే యూట్యూబ్‌లో ఆవకాయ వీడియోల వేట మొదలవుతుంది. గుంటూరులో ఒకామె `avakaya pachadi` అని టైపు చేస్తుంది. హైదరాబాద్‌లో గది తీసుకుని వండుకునే కుర్రాడు ఫోన్ మైకు నొక్కి "ఆవకాయ ఎలా పెట్టాలి" అని నోటితోనే అడుగుతాడు. కరీంనగర్ వైపు ఇళ్లలో మామిడికాయ తొక్కు అంటారు. డల్లాస్‌లో పెరిగిన పిల్లలు `andhra mango pickle` అని వెతుకుతారు. అందరికీ కావలసింది ఒకే జాడీ, అడిగే పేర్లు మాత్రం నాలుగు. వీడియో పెట్టినవాళ్లకు టైటిల్‌లో దొరికే చోటు 100 క్యారెక్టర్లే. అందులోనూ తెలుగు ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే కంప్యూటర్ లెక్కలో ఆరు. కాబట్టి మన లిపిలో టైటిల్ రాసేవాళ్లకు ఆ వంద ఇంకా ఇరుకు.

మిగిలిన పేర్లు ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. ఛానెల్ పెంచుకోవడం ఎలాగో చెప్పే వీడియోల్లో ఈ మధ్య తరచు వినిపించే సలహా ఒకటుంది: మీ వీడియో కింద మీరే ఒక కామెంట్ రాయండి, అందులో జనం వెతికే మాటలన్నీ పెట్టండి, చివర ఒక ప్రశ్న అడగండి, దాన్ని పిన్ చేయండి. వెతుకులాటలో వీడియో పైకొస్తుంది, కామెంట్లూ పెరుగుతాయి, ఒకే దెబ్బకు రెండు పిట్టలు అంటారు. రెండో పిట్ట మాట నిజమే. మొదటి దాని సంగతి కాస్త నిదానంగా చూడాలి.

కామెంట్‌ను పిన్ చేసే వీలును యూట్యూబ్ 2016 నవంబరులో తెచ్చింది. చూసేవాళ్ల కామెంట్‌కి ఛానెల్ వాళ్లు హృదయం గుర్తు పెట్టడం కూడా అప్పుడే వచ్చింది. పద్ధతి తేలికే. ఛానెల్ అకౌంట్‌తో వీడియో తెరిచి కామెంట్ రాయాలి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కి Pin అన్నది ఎంచుకోవాలి. దాంతో కింద ఎన్ని వందల కామెంట్లు వచ్చినా అది పైనే ఉంటుంది, దాని మీద ఫలానా ఛానెల్ పిన్ చేసింది అని కనిపిస్తుంది. ఒక వీడియోకి ఒక్కటే పిన్. ఇంకోదాన్ని పిన్ చేస్తే పాతది ఊడిపోయి, తనకు వచ్చిన జవాబులతో సహా మామూలు కామెంట్ల వరుసలోకి వెళ్లిపోతుంది. మన కామెంటే కానక్కర్లేదు, చూసినవాళ్లు రాసిన మంచి మాటను కూడా పిన్ చేయవచ్చు. కాకపోతే రాసినవాళ్లు దాన్ని ఎప్పుడు తీసేసుకుంటే అప్పుడు మన పిన్ కూడా పోతుంది.

ఇక వెతుకులాట సంగతి. యూట్యూబ్‌లో ఏదైనా వెతికితే ఏ వీడియో ముందు రావాలో ఎలా తేలుస్తారన్నది ఆ సంస్థే బయటపెట్టింది. అడిగిన మాటలకూ, వీడియో టైటిల్, ట్యాగులు, డిస్క్రిప్షన్, వీడియోలోని విషయానికీ ఎంత పొంతన కుదిరిందో చూస్తామంది. ఆ మాటతో వచ్చినవాళ్లు వీడియోను ఎంతసేపు చూశారన్నదీ లెక్కలోకి వస్తుందంది. ఆ జాబితాలో కామెంట్ల ఊసు లేదు. తమ పద్ధతినంతా బయటికి చెప్పరు కాబట్టి లోపల ఏదో మూల కామెంట్ల పాత్ర ఉండనే ఉండదని ఎవరూ ఒట్టు వేయలేరు. అయితే చెప్పిన నాలుగు చోట్లనూ వదిలేసి, చెప్పని ఐదో చోట మాటలు పోగేయడం తెలివైన పని కాదు.

ఈ విషయంలో ఇన్‌స్టాగ్రామ్ ఇంకా సూటిగా మాట్లాడింది. అక్కడ హ్యాష్‌ట్యాగులన్నీ క్యాప్షన్‌లో పెడితే చూడ్డానికి బాగోదని, మొదటి కామెంట్‌లో పెట్టే అలవాటు చాలామందికి ఉండేది. వెతుకులాటలో దొరకాలంటే మాటలూ హ్యాష్‌ట్యాగులూ క్యాప్షన్‌లోనే పెట్టండి, కామెంట్లలో కాదు అని 2021లో ఆ సంస్థ విడమరిచి చెప్పింది. యూట్యూబ్ వేరే సంస్థది కాబట్టి అక్కడా అదే రూలు అనుకోనక్కర్లేదు, ఇన్‌స్టాగ్రామ్ మెటాది, యూట్యూబ్ గూగుల్‌ది. కానీ కామెంట్ రాస్తే వెతుకులాటకు చాలు అన్న నమ్మకం ఎంత బలహీనమైనదో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

మరి గూగుల్‌లో వెతికేవాళ్ల మాటేమిటి? యూట్యూబ్ పేజీ తెరిచినప్పుడు కామెంట్లు వెంటనే రావు. కిందికి జరిపితేనే లోడవుతాయి. ఇంటర్నెట్ పేజీలను చదువుకుంటూ పోయే గూగుల్ ప్రోగ్రామ్ మనిషిలా వేలితో పేజీని కిందికి తోసుకుంటూ, నొక్కుకుంటూ చదవదు. కాబట్టి ఎంత పైన పిన్ చేసినా ఆ కామెంట్ దాని కంట పడుతుందన్న భరోసా లేదు.

ఎవరి ఛానెల్‌లో వాళ్లు పరీక్షించి చూసుకోవచ్చు కూడా. ప్రపంచంలో ఎవరూ వాడని మాట ఒకటి తయారు చేయాలి, "నీలగిన్నెలెక్క" లాంటిది. దాన్ని ఒక వీడియో పిన్ కామెంట్‌లో మాత్రమే పెట్టాలి. టైటిల్‌లో, డిస్క్రిప్షన్‌లో ఉండకూడదు, వీడియోలో నోటితోనూ అనకూడదు. అలాంటిదే ఇంకో వింత మాటను వేరే వీడియో డిస్క్రిప్షన్‌లో పెట్టాలి. రెండు వారాలు ఆగి, అకౌంట్ నుంచి బయటికొచ్చి యూట్యూబ్‌లో రెంటినీ వెతకాలి. గూగుల్‌లో అయితే ఇలా:

```
site:youtube.com "నీలగిన్నెలెక్క"
```

ఈ రెండో మాట లేకుండా చేసే పరీక్షకు విలువ లేదు. డిస్క్రిప్షన్‌లోని మాటా దొరక్కపోతే ఆ ఛానెల్‌ను ఇంకా సరిగా చదవలేదని అర్థం, పిన్ కామెంట్‌ను తప్పు పట్టడానికి లేదు. అది దొరికి, పిన్‌లోది దొరక్కపోతే సంగతి తేలినట్టే. "ఆవకాయ" లాంటి మామూలు మాటతో ఈ పరీక్ష చేసి, వీడియో కనిపించగానే పిన్ పనిచేసిందని సంబరపడేవాళ్లు ఉంటారు. వాళ్ల వీడియో టైటిల్‌లోనూ ఆవకాయ ఉందని మరిచిపోతారు.

అయితే పిన్ కామెంట్‌కూ వెతుకులాటకూ సంబంధమే లేదా అంటే, ఉంది. నేరుగా కాదు, చుట్టు తిరిగి ఉంది. జనం ఏ మాటలతో వెతుకుతారో ఛానెల్ నడిపేవాళ్లకు పూర్తిగా తెలియదు. గుంటూరు వంటింట్లో వీడియో తీసినవాళ్లకు "తొక్కు" అన్న మాట తట్టదు. తట్టించేది చూసేవాళ్లే. పిన్ కామెంట్‌లో సరైన ప్రశ్న అడిగితే కింద వచ్చే జవాబుల నిండా జనం సొంత మాటలే ఉంటాయి. వాటిని ఏరి డిస్క్రిప్షన్‌లోకి తెచ్చుకుంటే, అక్కడ యూట్యూబ్ చదువుతుంది. అసలు ఉపయోగమంతా ఈ ప్రయాణంలోనే ఉంది.

ఒక ఆవకాయ వీడియోనే తీసుకుని చూద్దాం. పన్నెండు నిమిషాల వీడియో, టైటిల్ "గుంటూరు ఆవకాయ పక్కా కొలతలతో". దాని కింద సాధారణంగా కనిపించే పిన్ కామెంట్లు రెండు రకాలు. మొదటి రకం ఇలా ఉంటుంది:

"ఆవకాయ, avakaya, avakaya pachadi, andhra avakaya, mango pickle, ఆవకాయ పచ్చడి, గుంటూరు ఆవకాయ, best avakaya recipe."

ఇది మనిషికి పనికిరాదు. యంత్రం చదువుతుందన్న నమ్మకం లేదని పైన చూశాం. డిస్క్రిప్షన్‌లోనే ఇలా మాటలు కుక్కి పేర్చడాన్ని యూట్యూబ్ నిబంధనలు ఒప్పుకోవు. అదే పేర్పును కామెంట్‌లోకి మార్చి పైన మేకు కొట్టి నిలబెడితే, వచ్చిన ప్రతివాడికీ గుమ్మంలోనే కనబడేది ఈ చెత్తే. రెండో రకం మర్యాదగానే ఉంటుంది: "వీడియో ఎలా ఉందో కామెంట్ చేయండి, నచ్చితే లైక్ చేసి సబ్‌స్క్రైబ్ చేసుకోండి." దీనికి వచ్చే జవాబులు "సూపర్", "నైస్ అక్కా", రెండు చేతులు జోడించిన బొమ్మ. వాటిలో వెతికే మాట ఒక్కటీ దొరకదు.

మూడోది ఇలా ఉంటే?

"*వీడియోలో ఉప్పు కొలత చెప్పడం తప్పిపోయింది.* మామిడికాయ ముక్కలు 6 గిన్నెలకు ఆవపిండి 1 గిన్నె, కారం 1 గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె, నువ్వుల నూనె ఒకటిన్నర గిన్నె. ముక్కలు కొట్టడం 2:15, కలపడం 5:40, మూడో రోజు తిరగకలపడం 9:05. మీ వైపు ఈ పచ్చడిని ఏమంటారు? జిల్లా పేరుతో రాయండి."

ఇందులో ముందున్నది కొలత. ఫోన్ యాప్‌లో కామెంట్ల పెట్టె మూసి ఉంటుంది, దానిలోంచి ఒక కామెంట్ ముక్క మాత్రం బయటికి కనిపిస్తుంది, పిన్ ఉంటే తరచు అదే. తెరిచాక కూడా పొడుగు కామెంట్ కొన్ని వరుసలకే కనిపించి ఆగుతుంది, మిగతాది చదవాలంటే నొక్కాలి. కాబట్టి చేయి పిండిలో పెట్టి ఫోన్ వైపు చూసేవాళ్లకు కావలసింది మొదటి వరుసలోనే ఉండాలి. మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే కామెంట్‌లో అది లావు అక్షరాలుగా మారుతుంది. దాన్ని తప్పిపోయిన సంగతికి వాడటం బాగుంటుంది, "సబ్‌స్క్రైబ్" అన్న మాటకు వాడితే వృథా.

మధ్యలోని సమయాలు నొక్కితే వీడియో అక్కడికే వెళుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. వీడియో కింది గీత మీద ముక్కలు ముక్కలుగా కనిపించే చాప్టర్లు పిన్ కామెంట్‌లో రాసిన సమయాలతో రావు. వాటికి డిస్క్రిప్షన్‌లోనే రాయాలి. మొదటిది `0:00`తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, సమయం వరుసగా పెరుగుతూ పోవాలి, ఒక్కో ముక్క కనీసం 10 సెకన్లు ఉండాలి. ఈ సమయాలను పిన్‌లో మాత్రమే రాసి చాప్టర్లు రావడం లేదేమని తల బాదుకోవడం కంటే, డిస్క్రిప్షన్‌లో రాసి, పిన్‌లో మూడు ముఖ్యమైనవి మళ్లీ ఇవ్వడం మేలు.

చివర ప్రశ్న ఒక్కటే. రెండు అడిగితే జనం తేలికైనదానికే జవాబిస్తారు, మూడు అడిగితే పరీక్ష పేపరులా ఉందని దాటిపోతారు. ఆ ఒక్క ప్రశ్నా ఆలోచించకుండా ఒక్క వాక్యంలో చెప్పగలిగేది అయుండాలి, ఇంటింటికీ జవాబు మారేది అయుండాలి. మీ వైపు ఏమంటారు, ఏ నూనె వాడతారు, వెల్లుల్లి వేస్తారా అన్నవి అలాంటివి. "అసలైన ఆవకాయ ఎవరిది, మీదా మాదా" అని అడిగితే కామెంట్లు ఇంకా వేగంగా వస్తాయి. కానీ అవి కోస్తా, తెలంగాణల గొడవగా మారి, మర్నాడు కూర్చుని ఒక్కొక్కటీ తీసేయాల్సి వస్తుంది. జిల్లా పేరు అడగవచ్చు గానీ ఫోన్ నంబరు, ఇంటి చిరునామా లాంటివి బయట రాసే అవకాశమే ఇవ్వకూడదు.

జవాబులు వచ్చాక పని మొదలవుతుంది. కరీంనగర్ నుంచి ఒకరు "మా దిక్కు తొక్కు అంటం" అని రాస్తారు. గోదావరి వైపు ఇంకొకరు నువ్వుల నూనె అనరు, "పప్పునూనె వాడకపోతే రుచి రాదండీ" అంటారు. ఒకరు ఆవపిండి బదులు పెసరపిండి వేసే పెసరావకాయ అడుగుతారు, మరొకరు ముక్కలు ఎండబెట్టే మాగాయ గురించి అడుగుతారు. ఇవన్నీ జనం వెతుకులాటలో కొట్టే మాటలే. స్టూడియోలోని అనలిటిక్స్‌లో, వీడియోకి జనం ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే చోట, యూట్యూబ్ సెర్చ్ అన్నది నొక్కితే ఏ మాటలు కొట్టి వచ్చారో జాబితా ఉంటుంది. ఆ జాబితా ఇప్పటికే మనల్ని చేరినవాళ్ల మాటలే చూపిస్తుంది. తొక్కు అని వెతికి మన వీడియో కనబడక వేరే చోటికి వెళ్లినవాళ్లు అందులో ఉండరు. ఆ లోటును పూడ్చేది పిన్ కింద వచ్చిన జవాబులు.

అప్పుడు డిస్క్రిప్షన్ మొదటి వాక్యాలను మార్చాలి. పేర్లను వరుసగా పేర్చనక్కర్లేదు, వాక్యంలో ఇమిడిస్తే చాలు: "గుంటూరు పద్ధతిలో ఆవకాయ. తెలంగాణలో మామిడికాయ తొక్కు అనే ఈ పచ్చడిని పప్పునూనెతో (నువ్వుల నూనె) ఎలా పెట్టాలో కొలతలతో చూపించాం." డిస్క్రిప్షన్‌కు 5,000 క్యారెక్టర్ల చోటుంది, కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాసే `avakaya pachadi`, `mamidikaya thokku` కూడా కింద ఒక వాక్యంలో చక్కగా పడతాయి. మార్చిన తేదీ రాసిపెట్టుకుని, నెల తర్వాత అదే సెర్చ్ జాబితా మళ్లీ తెరవాలి. ముందు లేని "తొక్కు" అన్న మాట అందులోకి వచ్చిందంటే పిన్ కామెంట్ తన వంతు చేసినట్టే. రాకపోతే ఆ మాటకు అప్పటికే గట్టి వీడియోలు ఉండి ఉంటాయి. అలాంటప్పుడు తొక్కు మీద వేరే వీడియో తీయడమే దారి.

పెసరావకాయ గురించి నలుగురు అడిగినా, వీడియోలో లేనిదాన్ని డిస్క్రిప్షన్‌లో పెట్టకూడదు. ఆ మాటతో వచ్చినవాళ్లు పది సెకన్లలో వెళ్లిపోతారు, ఎంతసేపు చూశారన్నది లెక్కలోకి వస్తుందని ముందే అనుకున్నాం. అది వచ్చే వారం వీడియోకి సరుకు.

కామెంట్లు ఎక్కువ వస్తే యూట్యూబ్ ఆ వీడియోను అందరికీ చూపిస్తుందని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. వీడియోలు సిఫారసు చేసే పద్ధతి గురించి 2021 సెప్టెంబరులో యూట్యూబ్ తన బ్లాగులో రాసినప్పుడు చెప్పిన ముఖ్యమైన గుర్తులు ఇవి: నొక్కడం, చూసిన సమయం, సర్వేల్లో ఇచ్చిన జవాబులు, పంచుకోవడం, లైకులు, డిస్‌లైకులు. కామెంట్ల సంఖ్య ఆ వరుసలో లేదు. జవాబు రాసినవాళ్లు తమ మాటకు ఛానెల్ వాళ్లు ఏమన్నారో చూడడానికి మళ్లీ వస్తారు, ఛానెల్ వాళ్లు హృదయం గుర్తు పెడితే వాళ్లకు కబురు వెళుతుంది. లాభం అలాంటి మళ్లీ రావడాల్లో ఉంది, అంకె పెరగడంలో లేదు. అందుకే మొదటి రోజు వచ్చిన జవాబులకు తిరిగి జవాబివ్వని ఛానెల్, ప్రశ్న అడగకపోవడమే నయం.

పిన్‌ను ఒకసారి పెట్టి వదిలేయక్కర్లేదు. ఆవకాయ వీడియోకి ఏప్రిల్‌లో కొలతల పిన్ సరిపోతుంది. జూలై వచ్చి వానలు పడేసరికి జనం అడిగేది వేరు: "అక్కా, పైన బూజు పట్టింది, పారేయాలా?" అదే ప్రశ్న పదిసార్లు వస్తే కొత్త కామెంట్‌లో దానికి జవాబు రాసి పిన్ మార్చాలి. ముక్కలను సరిగా తుడవకపోవడం, తడి గరిటె పెట్టడం, నూనె ముక్క మీదికి తేలేంత పోయకపోవడం లాంటి కారణాలు చెప్పి, చివర "మీరు జాడీలో పెట్టారా, ప్లాస్టిక్ డబ్బాలోనా?" అని అడగవచ్చు. పాత కొలతల పిన్‌ను మాత్రం తొలగించకూడదు. కామెంట్ తీసేస్తే దాని కింద జనం రాసిన జవాబులూ పోతాయి. పిన్ మార్చితే చాలు, ఆ జిల్లాల పేర్లన్నీ అక్కడే ఉంటాయి. పిన్ చేసిన కామెంట్‌లో అక్షరాలు సవరించినప్పుడు కూడా, పిన్ ఇంకా ఉందో లేదో ఒకసారి పేజీ తెరిచి చూసుకోవడం మంచిది.

పిన్ కింద జవాబుల్లో దొంగలు కూడా చేరతారు. ఛానెల్ బొమ్మ, పేరు అచ్చుగుద్దినట్టు పెట్టుకుని "మీరు బహుమతి గెలిచారు, టెలిగ్రామ్‌లో మాట్లాడండి" అని జవాబు రాస్తారు. ఈ బెడద మీద అమెరికా టెక్ యూట్యూబర్ మార్కస్ బ్రౌన్లీ 2022లో వీడియోనే చేశారు. ఆ ఏడాది జూలై 29 నుంచి ఛానెళ్లు తమ సబ్‌స్క్రైబర్ల సంఖ్యను దాచుకునే వీలును యూట్యూబ్ తీసేసింది, నకిలీ ఖాతా అయితే సంఖ్య చూసి పసిగట్టవచ్చని. అసలు ఛానెల్ రాసిన కామెంట్‌లో పేరు వెనక రంగు పట్టీ ఉంటుంది, నకిలీకి ఉండదు. ప్రశ్నలడిగి జనాన్ని పోగేసే పిన్ అయితే, "మేం ఎవరినీ టెలిగ్రామ్‌కి పిలవం" అన్న ఒక వాక్యం కూడా అందులో ఉండటం అవసరం.

పిన్ అసలు పెట్టలేని చోట్లూ ఉన్నాయి. పిల్లల కోసం అని గుర్తు పెట్టిన వీడియోలకు కామెంట్లే ఉండవు, చిట్టి చిలకమ్మ పాటల ఛానెళ్లకు ఈ కథంతా వర్తించదు. ప్రైవేట్‌గా ఉన్న వీడియో కామెంట్లు తీసుకోదు కాబట్టి, ఉదయం ఆరింటికి విడుదలయ్యేలా సమయం పెట్టి పడుకున్నవాళ్లు రాత్రే పిన్ రాసి ఉంచలేరు, లేచాక రాయాలి. ముందుగా నోట్స్‌లో రాసి ఉంచుకుంటే నిద్రకళ్లతో ఉప్పు కొలత తప్పు పోకుండా ఉంటుంది. షార్ట్స్‌లో పిన్ పెట్టవచ్చు గానీ, 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ కామెంట్లలో ఇచ్చే లింకులు నొక్కినా తెరుచుకోవు. "పూర్తి వీడియో లింక్ పిన్ కామెంట్‌లో ఉంది" అని షార్ట్‌లో చెప్పే ఛానెళ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఆ లింకును చేత్తో కాపీ చేసుకుని వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు. షార్ట్‌ను సవరించే చోట దానికి సంబంధించిన పెద్ద వీడియోను జతచేసే వీలు యూట్యూబ్ విడిగా ఇచ్చింది, ఆ పని అక్కడ చేసుకుని పిన్‌ను ఉప్పు కొలతకో, తొక్కు ప్రశ్నకో వదిలేయవచ్చు.